స్టేషన్‌లో ఇచ్చిన కాగితం ఎఫ్ఐఆరా, కంప్లైంటా?

ప్రశ్న: నేను ఎల్‌ఎల్‌బీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నెల కిందట పొలం గట్టు దగ్గర మా బాబాయ్‌కీ పక్క పొలం ఆయనకీ గొడవైంది. ఆయన దారికి అడ్డంగా నిలబడి బాబాయ్‌ని పోనివ్వలేదట. చెంప మీద కొట్టి తోసేశాడట. కిందపడి చెయ్యి వాచింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకుని, ఆ సాయంత్రమే స్టేషన్‌లో ‘కొట్టి తోసేశాడు’ అని కాగితం రాసిచ్చాడు. రసీదు ఇచ్చారు. ఎఫ్ఐఆర్ అయిపోయిందనే అనుకున్నాం. మొన్న వెళ్తే ‘ఇది నాన్ కాగ్నిజబుల్, కోర్టులో కంప్లైంట్ వేసుకోండి’ అన్నారు. మరి మేం ఇచ్చిందేమిటి? ఈలోగా నొప్పి తగ్గక ఎక్స్‌రే తీయిస్తే మణికట్టులో చిన్న ఎముక విరిగిందన్నారు. ‘లా చదువుతున్నావు, ఈపాటి తెలీదా’ అంటున్నాడు నాన్న. కాలేజీలో చూస్తే, ‘కంప్లైంట్ ఎఫ్ఐఆర్ అవుతుంది, దర్యాప్తు అయ్యాక ఎఫ్ఐఆరే చార్జిషీటు అవుతుంది’ అని ఇంటర్నల్‌లో రాసినందుకు సున్నా పడింది. తప్పెక్కడ? ఇప్పుడు బాబాయ్ ఏం చేయాలి? చార్జిషీటు పడితే నేరం రుజువైనట్టేనా?

సమాధానం: ముందు ఇంటి సంగతి చూద్దాం. అది తేలితే పరీక్ష సంగతి సగం తేలిపోతుంది.

మీ బాబాయ్ స్టేషన్‌లో ఇచ్చింది చట్టం లెక్కలో కంప్లైంట్ కాదు, సమాచారం. నేరం జరిగిందని పోలీసుకు చెప్పడం, అంతే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 2 తెరిచి, కంప్లైంట్ నిర్వచనం ఒకసారి చదవండి. మెజిస్ట్రేట్ చర్య తీసుకోవాలన్న ఉద్దేశంతో, తెలిసిన వ్యక్తో తెలియని వ్యక్తో నేరం చేశాడని, నోటితో గానీ రాతతో గానీ మెజిస్ట్రేట్‌కే చేసే ఆరోపణ అది. పోలీసు రిపోర్టు అందులోకి రాదని కూడా అక్కడే ఉంది. కాబట్టి స్టేషన్‌లో ఎంత పెద్ద ఫిర్యాదు రాసిచ్చినా అది ఆ నిర్వచనంలో పడదు. ఎఫ్ఐఆర్ ఫారంలో సమాచారం ఇచ్చినవారి వివరాలు రాసే గడి మీదే ‘ఫిర్యాదుదారు/సమాచారమిచ్చినవారు’ అని ఉంటుంది కాబట్టి, ఈ గందరగోళానికి మిమ్మల్ని ఒక్కరినే తప్పుపట్టలేం.

స్టేషన్‌కు చేరిన సమాచారానికి రెండు దారులున్నాయి. అందులో కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం కనిపిస్తే, సెక్షన్ 173 కింద ఎఫ్ఐఆర్ కట్టాలి. నాన్ కాగ్నిజబుల్ నేరమే కనిపిస్తే సెక్షన్ 174 వర్తిస్తుంది. సారాంశాన్ని స్టేషన్ పుస్తకంలో నమోదు చేసి, సమాచారం ఇచ్చినవారిని మెజిస్ట్రేట్ దగ్గరకు పంపాలి. మెజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా అలాంటి కేసులో పోలీసులు దర్యాప్తు చేయకూడదు. మీ బాబాయ్ కాగితంలో ఉన్నది ‘కొట్టి తోసేశాడు’ అని మాత్రమే. అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 115(2) కింద మామూలు గాయం, గరిష్ఠ శిక్ష ఏడాది, నాన్ కాగ్నిజబుల్. ఆ కాగితం వరకే చూస్తే స్టేషన్ వాళ్లు అన్న మాట చట్టానికి విరుద్ధమేమీ కాదు. తప్పల్లా నెల ఆగి చెప్పడంలో ఉంది. ఆ మాట ఆ సాయంత్రమే చెప్పాల్సింది.

రసీదును ఎఫ్ఐఆర్ అనుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. తేడా పట్టుకోవడం తేలిక. ఎఫ్ఐఆర్ అచ్చు ఫారం మీద ఉంటుంది. దానికో క్రైమ్ నంబరు, సంవత్సరం ఉంటాయి. ఏ చట్టం, ఏ సెక్షన్లు, సంఘటన ఎప్పుడు జరిగింది, సమాచారం స్టేషన్‌కు ఎన్ని గంటలకు అందింది, సంఘటన స్థలం స్టేషన్‌కు ఎంత దూరం, ఏ దిక్కు, ఆలస్యమైతే ఎందుకైంది, ఇవన్నీ రాయాలి. చివర్లో కోర్టుకు ఏ తేదీన, ఎన్ని గంటలకు పంపారో కూడా ఉంటుంది. ఎఫ్ఐఆర్ మెజిస్ట్రేట్‌కు వెళ్లాల్సిన పత్రం కాబట్టి ఆ గడి అంత ముఖ్యం. దాని కాపీ సమాచారమిచ్చినవారికి ఉచితంగా ఇవ్వాలి. పిటిషన్ రసీదులో ఇవేవీ ఉండవు. ఎవరో కాగితం ఇచ్చారు, మేం తీసుకున్నాం అన్నంత వరకే అది చెబుతుంది.

మీరు ఉత్తరంలో మామూలుగా రాసేసిన రెండు సంగతులు మీ బాబాయ్ కేసు దారినే మార్చగలవు.

మొదటిది, దారికి అడ్డంగా నిలబడి పోనివ్వకపోవడం. ఒక మనిషికి వెళ్లే హక్కున్న దిక్కున వెళ్లనివ్వకుండా కావాలని అడ్డుకుంటే అది న్యాయ సంహిత సెక్షన్ 126 కింద అక్రమ అవరోధం. శిక్ష చిన్నదే, నెల వరకు సాధారణ జైలు లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా అది కాగ్నిజబుల్. శిక్ష పెద్దదైతే కాగ్నిజబుల్, చిన్నదైతే కాదు అని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. అలా లెక్క కట్టకండి. సురక్షా సంహిత మొదటి షెడ్యూల్‌లో ఆ సెక్షన్‌కు ఎదురుగా ఏముందో చూడాలి. ఏడాది శిక్ష ఉన్న గాయం నాన్ కాగ్నిజబుల్ అయి, నెల శిక్ష ఉన్న అడ్డగింత కాగ్నిజబుల్ అవడం అక్కడే కనిపిస్తుంది. ఇక సెక్షన్ 174లోనే, ఒక కేసులో రెండు మూడు నేరాలుండి వాటిలో కనీసం ఒకటి కాగ్నిజబుల్ అయితే మొత్తం కేసును కాగ్నిజబుల్‌గానే చూడాలని ఉంది. పాత శిక్షాస్మృతి రోజుల్లో మన స్టేషన్లలో గట్టు తగాదా ఎఫ్ఐఆర్ తీస్తే 341, 323 పక్కపక్కనే కనిపించేవి. అడ్డగింతకు 341, గాయానికి 323. వాటిని అలా జోడించడం వెనుక ఈ లెక్క ఉంది.

రెండోది విరిగిన ఎముక. ఎముక విరిగినా, పక్కకు తొలగినా అది న్యాయ సంహిత సెక్షన్ 116 ప్రకారం తీవ్ర గాయం. 117(2) కింద శిక్ష ఏడేళ్ల వరకు ఉంటుంది. కాగ్నిజబులే, కాకపోతే బెయిలబుల్. అంటే ఎఫ్ఐఆర్ అయినంత మాత్రాన ఎదుటి మనిషి నెలల తరబడి లోపల ఉంటాడని మీ ఇంట్లో ఎవరైనా ఆశపడుతుంటే ఆ ఆశ వదిలేయమనండి.

ఇక ఏం చేయవచ్చో చూద్దాం. మొదటి దారి మళ్లీ స్టేషనే. కొత్తగా ఒక కాగితం రాయాలి. మొదట ఏ తేదీన ఇచ్చారో, అందులో రాయని సంగతి ఏమిటో, ఎముక విరిగిన విషయం ఎప్పుడు బయటపడిందో నేరుగా చెప్పాలి. అడ్డగించడం నిజంగా జరిగితేనే రాయమనండి. కేసు నిలబడాలని ఇప్పుడు అతికిస్తే, మొదటి కాగితంలో ఈ మాట ఎందుకు లేదని రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతారు. తోపులాట చూసినవాళ్లుంటే వాళ్ల పేర్లు కూడా అందులోనే రాయాలి. ఎక్స్‌రే కన్నా విలువైన కాగితం ఇంకొకటుంది, ఆ సాయంత్రం ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఓపీ చీటీ. ‘కుడి మణికట్టు వాపు’ అన్నంత చిన్న మాట అందులో ఉన్నా చాలు. నెల తర్వాత తీసిన ఎక్స్‌రే ఎముక విరిగిందని చెబుతుంది కానీ ఎప్పుడు విరిగిందో, ఎవరి వల్ల విరిగిందో చెప్పదు. ఈ మధ్యలో బండి మీద నుంచి పడ్డాడని ఎదుటి వకీలు అనడానికి సందు అక్కడే దొరుకుతుంది. మణికట్టులోని చిన్న ఎముకల విరుగుడు మొదటి రోజుల్లో ఎక్స్‌రేలో కూడా కనబడకపోవడం ఉన్నదే. ఆ సంగతి డాక్టర్ చేతే రాయించుకుంటే మంచిది.

అప్పుడు స్టేషన్ వాళ్లు ఎఫ్ఐఆర్ కట్టక తప్పదు. సమాచారంలో కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే నమోదు చేసి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే చెప్పింది. కొత్త చట్టంలో పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ ఒకటి వచ్చింది, దాని పేరు చెప్పి మిమ్మల్ని తిప్పవచ్చు. మూడేళ్లు, ఆపైన, ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకే, అదీ డీఎస్పీ అనుమతితోనే అది కుదురుతుంది. 117(2)కి శిక్ష నిండా ఏడేళ్ల వరకు ఉంది. ‘ఏడేళ్ల లోపు’ అనే మాటలోకి అది రాదు. అడ్డగింత నెల శిక్షే కాబట్టి అదీ రాదు.

స్టేషన్‌లో కదలిక లేకపోతే రెండో దారి, కాగితం కాపీని పోస్టులో జిల్లా ఎస్పీకి పంపాలి. అక్కడా పని కాకపోతే మెజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సెక్షన్ 173(4) ఈ వరుసనే చెబుతుంది. 175(3) కింద ఆ దరఖాస్తు అఫిడవిట్‌తో పెట్టాలి, మెజిస్ట్రేట్ పోలీసుల మాట కూడా విని ఉత్తర్వు ఇస్తారు. పోస్టల్ రసీదు లేకుండా నేరుగా కోర్టుకెళ్తే ‘ముందు ఎస్పీకి రాశారా’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఉత్తర్వు వస్తే కేసు మళ్లీ స్టేషన్‌కే వస్తుంది, ఎఫ్ఐఆర్ అవుతుంది, దర్యాప్తు పోలీసులే చేస్తారు.

మూడో దారి స్టేషన్ వాళ్లు చెప్పిందే, మెజిస్ట్రేట్ ముందు కంప్లైంట్. కోర్టుల్లో దీన్ని ప్రైవేటు కంప్లైంట్ అంటారు. ఇక్కడ ఎఫ్ఐఆర్ లేదు, చార్జిషీటూ లేదు. సెక్షన్ 223 కింద బాబాయ్ చేత, ఉన్న సాక్షుల చేత మెజిస్ట్రేట్ ప్రమాణం చేయించి వాంగ్మూలం రాసుకుంటారు. కొత్త చట్టం ప్రకారం కేసును విచారణకు స్వీకరించే ముందు ఎదుటివాడికీ తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. సరిపడా ఆధారం ఉందనుకుంటే సమన్లు వెళ్తాయి, లేకపోతే కంప్లైంట్‌ను కొట్టేస్తారు. బరువంతా బాబాయ్ మీదే పడుతుంది. పోలీసు కేసులో ప్రభుత్వం తరఫున అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉంటారు. ఇక్కడ వకీలు ఫీజు, సాక్షులను తీసుకురావడం, ప్రతి వాయిదాకు హాజరు, అన్నీ ఆయనవే. మామూలు గాయం కేసు సమన్ల కేసు, అంటే శిక్ష రెండేళ్లకు మించని నేరం కేసు. వాయిదాకు ఫిర్యాది రాకపోతే ముప్పై రోజుల సమయం ఇచ్చి, అప్పటికీ రాకపోతే ముద్దాయిని నిర్దోషిగా విడుదల చేసే అధికారం మెజిస్ట్రేట్‌కు ఉంది. కోతల రోజుల్లో వాయిదా పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

మరొక చిక్కు. ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకునే దాకా వచ్చాక వెనక్కి వెళ్లి ‘175(3) కింద ఎఫ్ఐఆర్ కట్టించండి’ అంటే కుదరదు. ఆ దశలో మెజిస్ట్రేట్ పోలీసులను సెక్షన్ 225 కింద వాకబు చేసి రిపోర్టు ఇవ్వమనవచ్చు. అది ఆయన ముందుకు సాగాలా వద్దా అని తేల్చుకోవడానికే, దాన్నుంచి ఎఫ్ఐఆర్ పుట్టదు. ఎముక రిపోర్టు చేతిలో ఉన్న మనిషి ముందు మొదటి దారి ప్రయత్నించి, తర్వాత మూడోదానికి రావడం నా దృష్టిలో మేలు. డాక్టర్ కాగితాలు గట్టిగా లేవు, విరుగుడుకూ తోపుకూ సంబంధం చెప్పలేం అనిపిస్తే నా మాట మార్చుకుంటాను.

ఏ దారిలో వెళ్లినా తేదీ మాత్రం మరిచిపోవద్దు. ఏడాది వరకు శిక్ష ఉన్న నేరాన్ని కోర్టు స్వీకరించడానికి సెక్షన్ 514 ప్రకారం గడువు ఏడాదే. ఆ లెక్కకు ఎఫ్ఐఆర్‌గా సమాచారం నమోదైన తేదీ, లేదా కోర్టులో కంప్లైంట్ దాఖలైన తేదీ పనికొస్తుంది. పిటిషన్ రసీదు తేదీ పనికిరాదు. రసీదు బీరువాలో పెట్టుకుని పద్నాలుగు నెలల తర్వాత మామూలు గాయానికి కోర్టుకు వెళ్తే, ఆలస్యాన్ని మన్నించమని అడగాల్సి వస్తుంది. తీవ్ర గాయానికి ఈ గడువు లేదు.

రాజీ సంగతి మీరు అడగలేదు కానీ పక్క పక్క పొలాల వాళ్లు కాబట్టి చెబుతున్నాను. మామూలు గాయమైతే దెబ్బ తిన్న మనిషి తానుగా రాజీపడవచ్చు. తీవ్ర గాయమైతే కోర్టు అనుమతి కావాలి. ఒకసారి ఎఫ్ఐఆర్ అయ్యాక, ‘ఊళ్లో మాట్లాడుకున్నాం, తీసేయండి’ అంటే తీసేసే అధికారం ఎస్సైకి లేదు. ఇంట్లో ఆ ఆలోచన ఉంటే ముందే మాట్లాడుకోండి.

ఇప్పుడు మీ ఇంటర్నల్ జవాబు. సమాచారం ఎఫ్ఐఆర్‌గా నమోదవుతుంది, అంతవరకు మీ మాటలో కొంత నిజముంది. కంప్లైంట్‌కు ఆ అవసరమే లేదు. కేసు మెజిస్ట్రేట్ చేతికి ఎలా చేరుతుందో చెప్పే సెక్షన్ 210లో కంప్లైంట్, పోలీసు రిపోర్టు వేర్వేరు దారులు. చెక్ బౌన్స్ కేసు చూడండి. నోటీసు ఇచ్చి, పదిహేను రోజులు ఆగి, డబ్బు రాకపోతే ఆ తర్వాత నెలలోపు చెక్కు అందుకున్నవారు కోర్టులో రాతపూర్వకంగా కంప్లైంట్ వేస్తారు. పోలీసు స్టేషన్ గడప తొక్కకుండానే కేసు తీర్పు దాకా వెళ్లిపోతుంది.

రెండో సగం మాత్రం పూర్తిగా తప్పే. ఎఫ్ఐఆర్ చార్జిషీటుగా మారదు. ఎఫ్ఐఆర్ దర్యాప్తు మొదలుకావడానికి, చార్జిషీటు దర్యాప్తు ముగిశాక. రెంటి మధ్య పోలీసులు చేసిన పని ఉంటుంది. బాబాయ్ విషయంలో ఎఫ్ఐఆర్ ఆయన మాటే, పోలీసు దాన్ని నమ్మాడా లేదా అన్నది అందులో ఉండదు. దాన్ని సాక్ష్యంగా కాక, తర్వాత కోర్టులో ఆయన చెప్పే మాటను బలపరచడానికో, తప్పని చూపడానికో వాడతారు. తర్వాత దర్యాప్తు అధికారి గట్టు దగ్గరకు వెళ్లి పంచనామా రాస్తాడు, సాక్షుల వాంగ్మూలాలు తీసుకుంటాడు, ప్రభుత్వ డాక్టర్ నుంచి గాయం సర్టిఫికెట్ తెప్పిస్తాడు. ఎఫ్ఐఆర్‌లో మామూలు గాయం, అడ్డగింత మాత్రమే ఉండి, సర్టిఫికెట్‌లో విరుగుడు కనిపిస్తే, కొత్త ఎఫ్ఐఆర్ కట్టరు. అదే క్రైమ్ నంబరులో సెక్షన్లు మారుస్తూ కోర్టులో మెమో వేస్తారు. ఈ పనంతా అయ్యాక సెక్షన్ 193 కింద కోర్టుకు వెళ్లే పోలీసు రిపోర్టే చార్జిషీటు. ముద్దాయి ఎవరు, ఏ నేరం, ఎవరెవరు సాక్షులు, ఏ కాగితాలు అన్నది అందులో ఉంటుంది. ఎఫ్ఐఆర్‌లో ముగ్గురి పేర్లుండి చార్జిషీటులో ఒకరే మిగలవచ్చు, ఎవరూ లేకనూ పోవచ్చు.

ఎవరూ మిగలకపోతే పోలీసులు కేసు మూసేయమని తుది రిపోర్టు వేస్తారు. మన దగ్గర దాన్ని రెఫర్డ్ చార్జిషీటు అనడమూ ఉంది. పేరులో చార్జిషీటు ఉంది కదా అని ఎవరిమీదో అభియోగం ఉందనుకోవద్దు. అలాంటప్పుడు సమాచారమిచ్చినవారికి నోటీసు ఇచ్చి మాట వినకుండా మెజిస్ట్రేట్ దాన్ని ఆమోదించకూడదని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నోటీసు వస్తే బాబాయ్ అభ్యంతర పిటిషన్ వేయవచ్చు. చాలామంది దాన్ని సంతకం పెట్టి తీసుకుని మడతపెట్టేస్తారు.

కాగితం ఏ దశలో ఉందో దాని నంబరు చూసి చెప్పవచ్చు. స్టేషన్‌లో ఉన్నంతకాలం క్రైమ్ నంబరు. చార్జిషీటును మెజిస్ట్రేట్ స్వీకరించాక సీసీ, అంటే క్యాలెండర్ కేసు నంబరు పడుతుంది. సెషన్స్ కోర్టు విచారించాల్సిన నేరమైతే ముందు పీఆర్‌సీ, అంటే ప్రిలిమినరీ రిజిస్టర్డ్ కేసు నంబరు, అక్కడికి వెళ్లాక ఎస్‌సీ, అంటే సెషన్స్ కేసు నంబరు. మీ బాబాయ్‌ది మెజిస్ట్రేట్ కోర్టులోనే తేలే కేసు. చార్జిషీటు సాక్షుల పట్టికలో ఆయన బహుశా ఎల్‌డబ్ల్యూ 1గా, అంటే పట్టికలో మొదటి సాక్షిగా ఉంటారు, బోనెక్కి చెప్పాక పీడబ్ల్యూ 1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి అవుతారు.

చార్జిషీటు పడితే నేరం రుజువైనట్టా అన్నారు. కాదు. అది పోలీసుల అభిప్రాయం. అభియోగం మోపేది కోర్టు, పోలీసులు కాదు. తీవ్ర గాయం వారెంటు కేసు, అంటే రెండేళ్లకు మించి శిక్ష ఉన్న నేరం కేసు కాబట్టి చార్జిషీటు, జతచేసిన కాగితాలు చూసి, ఇరుపక్షాల మాట విని, ఆధారం లేదనిపిస్తే మెజిస్ట్రేట్ ముద్దాయిని డిశ్చార్జ్ చేయవచ్చు. ఉందనిపిస్తే సెక్షన్ 263 కింద చార్జి రాసి, చదివి వినిపించి, ఒప్పుకుంటావా అని అడుగుతారు. ఒప్పుకోకపోతే అప్పుడు మొదలవుతుంది సాక్ష్యం. మీ కేసులో అక్కడ అసలు తగాదా ఎముక విరిగిందా అన్నది కాకపోవచ్చు. తోసినవాడికి అంత గాయమవుతుందన్న ఉద్దేశమో ఎరుకో ఉందా అన్నది కావచ్చు. అది లేదని కోర్టు అనుకుంటే 117(2) పోయి 115(2) మిగలవచ్చు. అందుకే కొత్త కాగితంలో ఎలా తోశాడు, ఎంత ఎత్తు గట్టు, కింద మెత్తటి మట్టా, రాళ్లా అన్నది బాబాయ్‌కి గుర్తున్నంతవరకు రాయించండి.